పలాస పప్పు పార్సిలూ, వాపసు షరతుల పేజీ

కాశీబుగ్గ బజారులో జీడిపప్పు దుకాణం మెట్లెక్కిన మనిషికి ముందు దొరికేది ధర కాదు, రుచి. దుకాణదారుడు డబ్బాలోంచి రెండు గుండ్లు తీసి అరచేతిలో పెడతాడు. కొనే మనిషి ఒకటి పంటికింద వేసుకుంటాడు. కరకరలాడుతోందా, మెత్తగా సాగుతోందా, ముక్కవాసన వస్తోందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. తూకం కళ్ళముందే జరుగుతుంది. ఇంటికెళ్ళాక ఏదైనా తేడా కనిపించినా మర్నాడు అదే మెట్లెక్కి, "ఏటి బాబూ, ఇలాంటి పప్పిచ్చేవు?" అని అడగొచ్చు.

అదే పప్పును హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని ఫోనులో ఆర్డరు పెట్టిన మనిషికి ఆ రెండు గుండ్లు అందవు. డబ్బు ముందు వెళ్ళిపోతుంది, పప్పు తర్వాత వస్తుంది. ఆ నడుమ ఉన్న నాలుగైదు రోజులూ కొన్నవారి చేతిలో ఉండేది ఒక్కటే, అమ్మకందారు రాసుకున్న వాపసు షరతుల పేజీ. సరుకు బాగోలేకపోతే ఏం చేయాలి, డబ్బు వస్తుందా, ఎప్పుడొస్తుంది, పార్సిలు వెనక్కి పంపే ఖర్చు ఎవరిది అన్న నాలుగు ముక్కలూ అక్కడే ఉండాలి. ఆ పేజీని మనసు విప్పి మాట్లాడే గొంతుతో, ఒక్క షరతూ దాచకుండా తిరగరాయడం ఎలాగో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

పలాసలో పప్పు అమ్మే ఒక చిన్న వ్యాపారిని ఊహించుకుందాం. ఆయనకు బజారులో దుకాణం ఉంది. రెండేళ్ళుగా కోడలు ఫోనులోనూ, సొంత వెబ్‌సైటులోనూ ఆర్డర్లు తీసుకుని పార్సిళ్ళు పంపుతోంది. వారి పేజీలో ఇప్పుడున్న మాటలు రెండు రకాలు. పైన పెద్ద అక్షరాల్లో, "మీ సంతృప్తే మా లక్ష్యం, నచ్చకపోతే డబ్బు వాపస్" అని ఉంటుంది. చివర ఒక చుక్క గుర్తు. ఆ చుక్క ఎక్కడికి దారి తీస్తుందా అని కిందికి వెళ్తే చిన్న అక్షరాల్లో ఇలా ఉంటుంది: "సరుకు స్వీకరించిన పిమ్మట 48 గంటల లోపు తగు ఆధారములతో తెలియజేయని యెడల ఎట్టి అభ్యర్థనయూ పరిగణింపబడదు. ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు. ఈ విషయమున సంస్థ నిర్ణయమే తుది నిర్ణయము."

ఈ పేజీ పనికొస్తుందో లేదో తేల్చడానికి రేడియోవాళ్ళకు బాగా తెలిసిన పరీక్ష ఒకటుంది. పైకి చదవడం. చుక్క గుర్తును గొంతుతో పలకలేం. చిన్న అక్షరాలను చిన్న గొంతుతో చదివినా వినేవారికి వినబడి తీరుతుంది. కోడలు ఆ పేజీని మామగారికి చదివి వినిపించిందనుకుందాం. పై వాక్యం అయ్యాక ఆయన తల ఊపాడు. కింది మూడు వాక్యాలు అయ్యాక ఆమే ఆగి అడిగింది. "మావయ్యా, పైన వాపసు ఇస్తామన్నాం, కింద తీసుకోమన్నాం. ఇంతకీ ఇస్తామా, ఇవ్వమా?" ఆయన, "బాగోలేకపోతే ఇస్తామమ్మా, ఊరికే నచ్చలేదంటే ఎలా ఇస్తాం?" అన్నాడు. ఆ జవాబు పేజీలో ఎక్కడా లేదు. తిరగరాయవలసినదల్లా ఆయన నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటే. బాగోలేకపోవడం వేరు, నచ్చకపోవడం వేరు. ఈ రెండింటికీ ఒకే వాక్యంలో జవాబు చెప్పబోయినప్పుడల్లా పేజీ గందరగోళమైపోతుంది.

చట్టం కూడా ఈ రెండింటినీ విడదీసే చూస్తుంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా ఇవ్వాలి. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు మరో అడుగు ముందుకు వేశాయి. సరుకు లోపంతో ఉన్నా, ప్రకటించినట్టు లేకపోయినా, చెప్పిన రోజు దాటి ఆలస్యంగా వచ్చినా అమ్మకందారు వెనక్కి తీసుకోను అనడానికి వీల్లేదన్నాయి. కాబట్టి "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అన్న వాక్యం ఎంత నలుపు సిరాతో అచ్చు వేసినా లోపమున్న సరుకు దగ్గర నిలబడదు.

నచ్చకపోవడం సంగతి వేరు. సరుకు చెప్పినట్టే ఉండి, కొన్నవారు మనసు మార్చుకుంటే వెనక్కి తీసుకోవాలని మన చట్టం అమ్మకందారును బలవంతపెట్టదు. అది వ్యాపారి ఇష్టం. ఇవ్వనని చెప్పే హక్కు ఆయనకుంది. కానీ ఆ లేదన్న మాట డబ్బు కట్టకముందే కనబడాలి. పైన నచ్చకపోతే వాపసు అని పెద్దగా రాసుకున్నాక కింద లేదంటే, అప్పుడది షరతు అనిపించుకోదు, మాట తప్పడం అవుతుంది. 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు ఇక్కడ బాగా ఉపయోగపడతాయి. ప్రకటనలో ఏ భాషలో గొప్ప చెప్పుకున్నారో దాని షరతు కూడా ఆ భాషలోనే ఉండాలనీ, అక్షరాలు కూడా అదే తీరులో ఉండాలనీ అవి చెబుతాయి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో షరతులు పెట్టే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. దాన్ని సరిచేసుకోవలసిన అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఇక తిరగరాయడం. ముందు కలం పట్టుకోవలసిన పని లేదు, ఫోను పట్టుకోవాలి. గడిచిన సీజనులో వచ్చిన ఫిర్యాదులన్నీ వాట్సాప్‌లో ఉండనే ఉంటాయి. వాటిని వరసగా చదివితే పప్పు వ్యాపారంలో తగువులు ఎక్కువగా ఎక్కడ పుడతాయో తెలుస్తుంది. గుండ్లు అడిగితే ముక్కలొచ్చాయి. పెద్ద సైజు అన్నారు, చిన్నవొచ్చాయి. పప్పు మెత్తబడిపోయింది. పార్సిలు ఆలస్యమైంది. డబ్బు పంపామన్నారు, ఇంకా రాలేదు. కొత్త పేజీలో శీర్షికలుగా ఈ మాటలనే పెట్టాలి. కష్టమొచ్చిన మనిషి, "వాపసు అభ్యర్థనల పరిశీలనా విధానం" అని వెతకడు. "గుండ్లు విరిగిపోయాయి, ఏం చేయాలి?" అని వెతుకుతాడు.

విరిగిన గుండ్ల సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. జీడిపిక్కను ఆవిరి పట్టి, పెంకు కోసి, పప్పును వేడిగదిలో ఆరబెట్టి, పైపొర ఒలిచాక విరగకుండా మిగిలిన గుండుకే మంచి ధర. బద్దకూ ముక్కకూ ధర తగ్గిపోతుంది. గుండులో సైజును W210, W240, W320 అని అంకెలతో చెబుతారు. ఆ అంకె పౌను బరువుకు, అంటే దాదాపు 454 గ్రాములకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పేది. 240 రకం అంటే 220 నుంచి 240 దాకా. 320 రకం అంటే 300 నుంచి 320 దాకా. అంకె పెరిగితే గుండు చిన్నదవుతుందన్న మాట. ఇది పలాసలో అందరికీ తెలుసు, కొనే ఊళ్ళో చాలామందికి తెలియదు. 320 అన్నది పెద్ద అంకె కదా, పెద్ద పప్పే వస్తుందనుకునేవారు ఉంటారు. అమ్మే పేజీలో జంబో అనీ, రాయల్ అనీ పేర్లు పెట్టినచోట ఈ పొరపాటు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆ పేర్లకు కొలత లేదు.

పాత పేజీలో దీని గురించి ఉన్న మాట, "సైజులో స్వల్ప వ్యత్యాసములు సహజము" అని. స్వల్పం అంటే ఎంత? అమ్మే మనిషికి ఒక లెక్క, కొనే మనిషికి ఒక లెక్క. కొత్త పేజీలో ఆ చోట ఇలా రాయొచ్చు: "మీరు 240 రకం పావుకిలో కొంటే అందులో సుమారు 120 నుంచి 132 గుండ్లుంటాయి. 320 రకమైతే 165 నుంచి 176 దాకా. అనుమానముంటే ఒక పళ్ళెంలో పోసి లెక్కపెట్టండి. లెక్క తేడాగా ఉంటే ఫోటో తీసి పంపండి, సరైన రకం పంపుతాం లేదా డబ్బు తిరిగి ఇస్తాం. పొరపాటు మాది కాబట్టి కొరియర్ ఖర్చు మాదే." ఈ ఐదు వాక్యాల్లో షరతూ ఉంది, దాన్ని ఇంట్లో కూర్చుని తేల్చుకునే దారీ ఉంది. పావుకిలో గుండ్లు లెక్కపెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల తర్వాత వాదించుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

విరగడానికీ అంతే. లారీలు మారి, గోదాముల్లో పడి వెళ్ళే పార్సిల్లో కొన్ని గుండ్లు విరగడం ఖాయం. ఎగుమతి ప్రమాణాల్లోనే విరిగినవీ, కింది సైజువీ కలిపి నూటికి ఐదు దాకా ఒప్పుకుంటారు. అది మూటకట్టే చోట లెక్క. చిల్లర పార్సిలు కస్టమరు గడప చేరేసరికి ఇంకొన్ని విరుగుతాయి. ఎన్ని విరిగితే మామూలు, ఎన్ని విరిగితే తమ బాధ్యత అన్నది వ్యాపారి తన అనుభవంతో ఒక అంకె చెప్పేయాలి. "పావుకిలో ప్యాకెట్లో పది గుండ్ల దాకా దారిలో విరగొచ్చు. దానికి వాపసు ఇవ్వలేం. అంతకు మించితే మాదే బాధ్యత." ఇవ్వలేం అన్న మాట ఇంత సూటిగా రాయడానికి మామగారు జంకవచ్చు. కఠినంగా ఉందేమోనమ్మా అంటాడు. కానీ పది అన్న అంకె ఉన్నప్పుడు అది కఠినం కాదు. ఆరు విరిగిన ఇల్లాలు ఫోను చేసి మాట పడాల్సిన అవసరం లేదు. ఇరవై విరిగిన ఇల్లాలు బతిమాలాల్సిన అవసరం లేదు. అంకె లేనప్పుడు ఇద్దరూ ఫోను చేస్తారు, ఇద్దరికీ ఆ పూట దుకాణంలో ఎవరున్నారో, వారి మనసెలా ఉందో దాన్నిబట్టి జవాబు దొరుకుతుంది.

మెత్తబడడం ఇంతకంటే చిక్కు సమస్య. పప్పులో తేమ నూటికి ఐదు దాటకూడదన్నది వ్యాపార ప్రమాణం. దాటితే కరకర పోతుంది. ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్ళలో డబ్బా మూత వదులైతే పప్పు ఏమవుతుందో అందరికీ తెలుసు. వానాకాలం హైదరాబాదులోనూ అంతే. కాబట్టి పప్పు మెత్తబడిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు అది దుకాణంలో జరిగిందా, దారిలో జరిగిందా, ఇంట్లో జరిగిందా అన్నది తేలాలి. పాత పేజీ ఈ బరువంతా కొనేవారి మీదకి తోసేసింది. "ప్యాకెట్టు తెరిచిన పిదప ఎట్టి బాధ్యతయూ లేదు" అని. తెరవకుండా పప్పు మెత్తబడిందో, లోపల పురుగు ఉందో ఎవరికి తెలుస్తుంది? తెరిస్తే హక్కు పోతుంది, తెరవకపోతే తప్పు కనబడదు. ఇలాంటి షరతు చదివిన మనిషికి ఈ వ్యాపారి ముందే తప్పించుకునే దారి వెతుక్కున్నాడనిపిస్తుంది.

దీనికి చేత్తో పట్టుకుని చూడగల గుర్తు ఒకటుంది. గాలి తీసి మూసిన ప్యాకెట్టు ఇటుకలా గట్టిగా ఉంటుంది. దారిలో ఎక్కడైనా అతుకు ఊడితే గాలి చొరబడి వదులైపోతుంది, వేళ్ళతో నొక్కితే గుండ్లు అటూ ఇటూ కదులుతాయి. అంటే తెరవకముందే చాలా వరకు తెలిసిపోతుంది. కొత్త మాట ఇలా ఉండొచ్చు: "ప్యాకెట్టు అందగానే చేత్తో నొక్కి చూడండి. ఇటుకలా గట్టిగా ఉండాలి. వదులుగా ఉంటే తెరవకండి, ఫోటో తీసి రెండు రోజుల్లోగా పంపండి, కొత్తది పంపుతాం. గట్టిగా ఉన్న ప్యాకెట్టు తెరిచాక లోపల పురుగు గానీ, ముక్కవాసన గానీ ఉంటే అది మా తప్పే, బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా చెప్పండి. తెరిచి వాడుకుంటున్న పప్పు వారం తర్వాత మెత్తబడితే మాత్రం వాపసు ఇవ్వలేం. గాలి తగలని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి."

ఇక్కడ రెండు గడువులున్నాయని గమనించాలి. బయటికి కనిపించే లోపానికి రెండు రోజులు, లోపల దాగిన లోపానికి 30 రోజులు. పాత పేజీలోని 48 గంటలు అన్నిటికీ ఒకటే. బయట చిరిగిన సంచికి 48 గంటల గడువు పెట్టడంలో అన్యాయం లేదు. పెళ్ళికోసం ముందుగా తెప్పించుకుని మూసిన ప్యాకెట్టు పదిరోజుల తర్వాత విప్పిన వారికి అదే గడువు పెట్టడం అన్యాయం. పైగా వ్యాపారి రాసుకున్న గడువు ముగిసినంత మాత్రాన కొన్నవారి దారి మూసుకుపోదు. వినియోగదారుల కమిషనుకు వెళ్ళడానికి చట్టం రెండేళ్ళు ఇస్తుంది.

పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీయాలన్న షరతు ఈమధ్య బాగా పెరిగింది. వ్యాపారుల భయంలో న్యాయం లేకపోలేదు. పప్పు తినేసి రాళ్ళు చూపించే మనిషి ఎక్కడో ఒకడుంటాడు. కానీ "వీడియో లేనిదే వాపసు లేదు" అన్న వాక్యం ఆ ఒక్కడి కోసం మిగతా అందరినీ దొంగల వరసలో నిలబెడుతుంది. పార్సిలు అందుకున్నది డెబ్బై ఏళ్ళ బామ్మ కావచ్చు, ఫోను పట్టుకునే మనవడు కాలేజీలో ఉండొచ్చు. లోపం మరో విధంగా రుజువైనప్పుడు వీడియో లేదన్న ఒక్క సాకుతో డబ్బు ఆపడం చట్టం ముందు కూడా బలహీనమైన వాదనే. "విప్పేటప్పుడు వీడియో తీస్తే మాకు తొందరగా తేలుతుంది. తీయకపోయినా ఫర్వాలేదు, సంచి మీది చీటీ, పప్పు కనబడేలా రెండు ఫోటోలు పంపండి. అప్పుడు మాకు రెండు రోజులు ఎక్కువ పట్టొచ్చు" అని రాస్తే వ్యాపారి జాగ్రత్తా పోదు, బామ్మ హక్కూ పోదు.

ఇప్పుడు లేదు అని చెప్పవలసిన చోటు. తినే వస్తువును వెనక్కి తీసుకుని మళ్ళీ అమ్మడం కుదరదు. మూసి ఉన్న ప్యాకెట్టే అయినా అది పది రోజులు ఎవరింట్లో ఏ ఎండలో ఉందో తెలియదు. ఈ కారణం చెబితే అర్థం చేసుకోని గృహిణి ఉండదు. అందుకని పేజీలో మొదటి పేరాలోనే, ప్రేమగా చెప్పే మాటల పక్కనే ఇది రావాలి: "పప్పు బాగోలేకపోతే డబ్బు తిరిగి ఇస్తాం. మనసు మార్చుకుంటే మాత్రం తిరిగి తీసుకోలేం, ప్యాకెట్టు తెరవకపోయినా సరే. ఒకరింటికి వెళ్ళొచ్చిన పప్పును ఇంకొకరికి అమ్మం. పార్సిలు మా దుకాణం దాటకముందైతే ఎప్పుడైనా రద్దు చేసుకోండి, మొత్తం డబ్బు తిరిగి వస్తుంది." రద్దుకు ఫీజు వేసే ఆలోచన ఉంటే ఒక్కసారి ఆగాలి. ఆర్డరు తనవైపు నుంచి రద్దయినప్పుడు తానూ అలాంటి ఫీజు భరిస్తేనే కొనేవారి మీద వేయొచ్చని ఈ-కామర్స్ నియమాలు అంటాయి.

అన్ని సరుకులకూ ఒకే మాట పనికిరాదు. టెక్కలి నీలి గ్రానైటునే తీసుకుంటే, అక్కడ చెడిపోవడమన్నది లేదు గానీ కోతపడ్డ రాయికి ఇంకో ఇంట్లో చోటుండదు. వంటింటి గట్టుకు కొలిచి కోసిన పలక మరో వంటింటికి సరిపోదు. తగువు అక్కడ రంగు దగ్గర వస్తుంది. తడిపిన రాయి ముదురుగా, ఆరిన రాయి లేతగా కనబడుతుంది, ఫోనులో ఫోటో ఇంకో రంగు చూపిస్తుంది. అమ్మేవారు "రంగులో తేడాలకు బాధ్యత లేదు" అని రాసి ఊరుకోకుండా, ముందు అరచేతి వెడల్పు ముక్కను నమూనాగా పంపి, "ఈ ముక్క చూసి సరేనన్నాకే కోస్తాం, కోశాక తిరిగి తీసుకోలేం" అంటే సరిపోతుంది. బజారులో అరచేతిలో పెట్టిన రెండు గుండ్ల లాంటిదే ఆ ముక్క.

ఆలస్యం సంగతికి వస్తే ఈ తీరానికి ప్రత్యేకమైన షరతు ఒకటి కావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు దగ్గర్లోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు పోయింది, దారులు తెగాయి. అలాంటి వారంలో పార్సిలు పంపడం ఎవరివల్లా కాదు. చట్టం కూడా ఈ కష్టాన్ని గుర్తించింది. మనిషి చేతిలో లేని ఉత్పాతం వల్ల ఆలస్యమైతే, ఆలస్యానికి సరుకు వెనక్కి తీసుకోవాలన్న నియమం వర్తించదు. అయితే ఆ మినహాయింపు ఆలస్యానికే. తుఫాను తర్వాత తడిసిన పప్పు పంపితే తుఫాను పేరు చెప్పి తప్పించుకోవడానికి లేదు.

పాత పేజీలో ఈ చోట, "దైవిక చర్యలు, ప్రకృతి వైపరీత్యములు, సమ్మెలు తదితర కారణముల వలన కలుగు జాప్యమునకు బాధ్యత వహింపబడదు" అని ఉంది. తదితర అన్న ఒక్క మాటలో కొరియరు కుర్రాడు సెలవు పెట్టడం కూడా ఇమిడిపోతుంది. దాన్ని ఇలా విప్పుకోవచ్చు: "పలాస నుంచి పార్సిలు బయల్దేరాక ఐదు రోజుల్లో అందాలి. అందకపోతే మాకు చెప్పండి. ఆలస్యం మాదో కొరియరుదో అయితే వేచి చూస్తారా, డబ్బు కావాలా అన్నది మీ ఇష్టం. అక్టోబరు, నవంబరుల్లో మా వైపు తుఫానులు వస్తాయి. దారులు మూసుకుపోతే ఆ రోజే మీకు మెసేజ్ పెడతాం. పార్సిలు ఇంకా మా దగ్గరే ఉంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. దారిలో చిక్కుకుంటే మాత్రం అది కదిలేదాకా ఓపిక పట్టమని అడుగుతున్నాం." చివరి వాక్యం వ్యాపారికి అనుకూలమైన షరతే. చట్టం ఒప్పుకునేదే. కానీ చదివిన మనిషికి అవతల ఏం జరుగుతోందో కళ్ళకు కడుతుంది.

డబ్బు తిరిగొచ్చే లెక్కలో రెండు గడియారాలుంటాయి. వ్యాపారి సరేనని పంపిన రోజు ఒకటి, బ్యాంకు ఖాతాలో పడిన రోజు ఒకటి. పేజీలో "7 నుంచి 10 పనిదినాల్లో ప్రాసెస్ అవుతుంది" అని రాస్తే ఏ గడియారం గురించి చెబుతున్నారో తెలియదు. "మీ ఫోటోలు చూసి రెండు రోజుల్లో అవునో కాదో చెబుతాం. అవునన్న రోజునే డబ్బు పంపి, ఆ లావాదేవీ నంబరు మీకు మెసేజ్ పెడతాం. మీ బ్యాంకులో కనబడడానికి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు, ఆ నంబరు చూపిస్తే బ్యాంకువాళ్ళు జాడ చెబుతారు." డబ్బుకు బదులు కూపను ఇచ్చే ఆలోచన ఉంటే దాన్ని వాపసు అన్న శీర్షిక కింద కలపకూడదు. బాగోలేని పప్పుకు డబ్బే రావాలి. కూపను కావాలో వద్దో కొన్నవారు చెప్పాలి.

ఇక్కడే ఇంకో రెండు వాక్యాలు తప్పనిసరి. పార్సిలు చేతికందాక నగదు ఇచ్చినవారికి తిరిగి పంపాలంటే వారి యూపీఐ చిరునామా అడగాలి. ఆ అవకాశాన్ని మోసగాళ్ళు కూడా వాడుకుంటారు, వాపసు ఇస్తామంటూ ఫోను చేసి పిన్ కొట్టించుకుంటారు. "డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టాల్సిన పని లేదు. మేం ఓటీపీ గానీ పిన్ గానీ అడగం, మా పేరు చెప్పి ఎవరడిగినా ఇవ్వకండి" అన్న మాట వాపసు పేజీలోనే ఉండాలి, ఎందుకంటే మోసపోయే మనిషి ఆ పూట వెతికేది ఆ పేజీనే.

మిగిలింది "సంస్థ నిర్ణయమే తుది నిర్ణయము" అన్న వాక్యం. దీన్ని కొట్టేయాలి. అది నిజం కాదు. వ్యాపారి జవాబుతో తృప్తి పడని మనిషి 1915కు ఫోను చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా కమిషనుకు వెళ్ళొచ్చు, అదీ పప్పు బయల్దేరిన శ్రీకాకుళం జిల్లాకే రానక్కర్లేదు, తానున్న ఊరి కమిషనులోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. పలాస వ్యాపారి ఐదువందల రూపాయల పప్పు కోసం హైదరాబాదు వెళ్ళి జవాబు చెప్పుకోవలసి రావొచ్చునన్న మాట. ఆ వాక్యం తీసేసిన చోట ఫిర్యాదు వినే మనిషి పేరు, ఫోను నంబరు రావాలి. నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. పాత పేజీలో కొన్నవారి మీద పెట్టిన 48 గంటల గడువు చట్టంలో ఇలా అమ్మేవారి మీద ఉంది.

కొత్త పేజీని కోడలు మళ్ళీ పైకి చదవాలి. ఈసారి మామగారికి కాదు, పప్పు వ్యాపారం తెలియని ఒక చుట్టానికి, ఫోనులో. చదివాక మూడు ప్రశ్నలడగాలి. పన్నెండు గుండ్లు విరిగితే ఏం చేస్తావు? తెరిచిన పప్పు పదిరోజులకు మెత్తబడితే డబ్బొస్తుందా? సంచి చిరిగి వస్తే కొరియరు ఖర్చు ఎవరిది? రెండో ప్రశ్నకు ఆ చుట్టం, "రాదు, ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నారుగా" అని వెంటనే చెబితే షరతు దాగలేదని అర్థం. తడబడితే ఆ వాక్యాన్ని మళ్ళీ రాయాలి. మూడో ప్రశ్న దగ్గర చాలా పేజీలు తడబడతాయి. పైన రాసుకున్న వాక్యాల్లోనూ సైజు తేడాకు ఖర్చు మాదే అని ఉంది గానీ, చిరిగి వదులైన ప్యాకెట్టుకు కొత్తది పంపుతాం అని మాత్రమే ఉంది. పాతది వెనక్కి పంపాలా, పారేయాలా? పావుకిలో పప్పును వెనక్కి రప్పించడానికి అయ్యే ఖర్చు చాలాసార్లు దాని మీద లాభాన్ని మించిపోతుంది. "పాత ప్యాకెట్టు వెనక్కి పంపక్కర్లేదు, దాన్ని తినకుండా పారేయండి" అన్న మాట అక్కడ చేరాలి.

ఈ పేజీ ఉండవలసిన చోట్లు మూడు. డబ్బు కట్టే బటనుకు పైన, ముఖ్యమైన రెండు వాక్యాలు. వెబ్‌సైటులో మొత్తం పేజీ. పార్సిలు లోపల, బిల్లుతో పాటు మడిచిన ఒక చీటీ. ఆ బటను దగ్గర "షరతులకు నేను ఒప్పుకుంటున్నాను" అంటూ ముందే టిక్కు పెట్టేసిన గడి ఉండకూడదు. అలా ముందుగా టిక్కు పెట్టి తీసుకునే సమ్మతిని 2020 నియమాలు ఒప్పుకోవు. చీటీ అడుగున ఒక తేదీ వేయాలి. వచ్చే సీజనులో కొరియరు మారొచ్చు, పది గుండ్ల లెక్క ఎనిమిదికి తగ్గొచ్చు. అప్పుడు పేజీ మారుతుంది. "ఈ షరతులు ఫలానా తేదీ నుంచి. అంతకు ముందు పెట్టిన ఆర్డర్లకు, అప్పుడు మీరు చదివిన షరతులే వర్తిస్తాయి" అని ఆ తేదీ పక్కనే రాసి, పాత చీటీ ఒకటి దుకాణం ఫైలులో దాచుకోవాలి.